తేమ ఆపు

పొద్దున షట్టరు ఎత్తి, కంప్యూటరు మేలుకొనేలోపు గాజుబల్ల తుడిచి, నాగవేణి అన్నిటికన్నా ముందు చేసే పని ఒకటుంది. నిన్న సాయంత్రం ముగించిన పనిని తెరిచి, గిరాకీ ఇచ్చిన అసలు కాగితం ఫోటోను దాని మీద సగం కనబడీ కనబడనట్టు పరుస్తుంది. రెండు పొరలూ ఒకదానిమీద ఒకటి సరిగ్గా కూర్చుంటే పని సరిగ్గా ఉన్నట్టు. ఎక్కడైనా అక్షరం మసకగా, జోడుగా కనబడితే అక్కడ ఏదో జారిందని లెక్క. ఒకసారి పెళ్లిపత్రికలో పెళ్లికొడుకు తాత పేరులో తప్పు ఈ పద్ధతిలోనే దొరికింది. అచ్చయిన తర్వాత దొరికుంటే ఆ పెద్దాయన పెళ్లికే వచ్చేవాడు కాదు.

కృష్ణగిరి వైపు మత్తూరులో, బస్టాండు పక్క సందులో ఉన్న ఆ అంగడి దేవేంద్రది. ఫ్లెక్సులు, పెళ్లిపత్రికలు, ఆటోల మీద అంటించే స్టిక్కర్లు, జెరాక్సు. దేవేంద్ర పనులు పట్టుకొస్తాడు, నాగవేణి అక్షరాలు కూర్చుతుంది. ఆమెది అంచెట్టి వైపు ఊరు. ఇంటర్మీడియట్ అయ్యాక హోసూరులో డీటీపీ నేర్చుకుంది. తెలుగు, తమిళం, కన్నడం మూడు లిపుల్లోనూ చేయి తిరిగింది. చిన్న చోటులో పెద్ద మాటను ఇమిడ్చే విద్యలో ఆ చుట్టుపక్కల ఆమెకు సాటి లేరని దేవేంద్ర చెప్పుకుంటాడు.

"మా నాగవేణికి అగ్గిపెట్టె ఇయ్యి, దాని మీద నీ వంశమంతా రాసిస్తాది," అంటాడు వచ్చినవాళ్లతో.

"వంశం చిన్నదైతే రాస్తా అన్నా," అంటుంది ఆమె తల ఎత్తకుండా.

తెలుగుతో వచ్చే చిక్కు ఆమెకు బాగా తెలుసు. ఇంగ్లీషు అక్షరాలు గీత మీద బుద్ధిగా నిలబడతాయి. తెలుగు అక్షరానికి పైన గుడి, కింద వత్తు. అడ్డంగా చోటు దొరికినా నిలువుగా చాలదు. చిన్న గడిలో పెడితే వత్తు కాళ్లు తెగిపోతాయి. అందుకే చిన్న చోటుకు వత్తులు లేని మాట వెతకాలి.

మునిలక్ష్మమ్మ పని వచ్చినప్పుడు కూడా నాగవేణి మొదట ఆలోచించింది ఇదే.

మునిలక్ష్మమ్మ పట్టుపురుగుల్ని పసితనంలో పెంచి రైతులకు ఇచ్చే మనిషి. దాన్ని చాకీ పెంపకం అంటారు. గుడ్డు పగిలి చీమంత పురుగు బయటికి వచ్చినప్పటి నుంచి రెండో జ్వరం దాటేదాకా ఆమె పోషణ. పురుగు ఆకు మానేసి, తల ఎత్తి, కదలకుండా ఉండి, పాత తోలు విడిచే కాలాన్ని ఆ వైపు వాళ్లు జ్వరం అంటారు. రెండో జ్వరం లేచిన పురుగుల్ని రైతులు తట్టల్లో తీసుకుపోయి తమ ఇళ్లలో పెంచుకుంటారు. పసిపురుగుకు వెచ్చదనం, తేమ రెండూ బాగా కావాలి. జ్వరంలో పడిన రోజు మాత్రం తేమ తగ్గించాలి. గది పొడిగా ఉండాలి. తడిలో ఉంచితే కొన్ని లేస్తాయి, కొన్ని లేవవు, లేవనివాటికి తెగులు తగులుతుంది.

ఇదంతా ఆమె చేత్తోనే నడిపినంతకాలం బాగానే ఉంది. గోనెపట్టలు తడిపేది, బొగ్గుల కుంపటి పెట్టేది. కిందటి ఏడు కొడుకు యోగేష్ బెంగళూరులో ఎవరో వ్యాపారి దగ్గర చైనా యంత్రం ఒకటి కొన్నాడు. వేడి, తేమ, గాలి అన్నీ అదే చూసుకుంటుంది. పురుగుల గది ముందున్న చిన్న అరలో గోడకు ఒక ట్యాబ్ బిగించి ఉంది. అందులోని యాప్‌లో బటన్లు నొక్కాలి. బటన్ల మీద ఉన్నదంతా చైనా భాష. భాష మార్చే చోటు యాప్‌లో లేదు. అమ్మినవాడు ఫోను ఎత్తడం మానేశాడు.

యోగేష్ మూకండపల్లిలో ఫ్యాక్టరీలో పని చేస్తాడు. వారంలో కొన్ని రోజులు అక్కడి గదిలోనే ఉంటాడు. తాను లేనప్పుడు అమ్మకు తెలిసేలా చేయాలని మెనూ స్క్రీన్‌షాట్ తీసి నాగవేణికి పంపాడు.

"అక్కా, ఒక్కో బటనుకు తెలుగు మాట రాసి ప్రింటు తియ్యి. ట్యాబు పక్కన అంటిస్తాను. మా అమ్మ అద్దాలు పెట్టుకోదు, అక్షరాలు పెద్దవిగా ఉండల్ల. నాలుగైదు మాటలు రాస్తే చదవదు, నన్నే తిడతాది."

నాగవేణి ఫోను కెమెరాతో ఆ స్క్రీన్‌షాట్ తర్జుమా చేయించింది. ఒక బటనుకు 'తేమను మూసివేయండి' అని వచ్చింది. ఇంకోదానికి 'తాపనాన్ని మూసివేయండి'. ఒకటి 'వెంటిలేషన్ తెరవండి'. చివర ఎర్రటి బటనుకు 'క్రిమిసంహారక'. ఇవేవీ వేలిగోరంత గడిలో పట్టేవి కావు. పట్టినా మునిలక్ష్మమ్మ నోటికి పట్టేవి కావు. తేమను మూసేదేమిటి, అదేమన్నా కుండా?

ఆమె ఒక పూటంతా కూర్చుని కత్తిరించింది. 'తేమ ఆపు'. 'వేడి ఆపు'. 'గాలి పెట్టు'. క్రిమిసంహారకానికి 'మందు'. చూస్తే ముచ్చటేసింది. తేమ పెట్టే బటను ఏదని ఒక్క క్షణం అనుమానం వచ్చింది గానీ, అది వేరే పేజీలో ఉంటుందిలే అనుకుంది. అసలు బటన్లలో కొన్ని పసుపు, ఒకటి బూడిదరంగు. కాగితాలకు దుకాణంలో ఉన్నది నలుపు ప్రింటరు. పసుపూ బూడిదా దాని మీద ఒకే మరకలా పడతాయి, మీద నల్ల అక్షరం కనబడదు. అందుకని ప్రతి బటను మీదా తెల్ల పట్టీ పరిచి, నల్లగా, లావుగా రాసింది. ప్లాస్టిక్ పొర వేసి ఇచ్చింది. యోగేష్ దాన్ని ట్యాబు పక్కన అంటించాడు.

ఇది జరిగి కొద్ది రోజులే అయింది. ఆ రోజు మధ్యాహ్నం భోజనాల వేళకు యోగేష్ నుంచి ఇంకో స్క్రీన్‌షాట్ వచ్చింది. పక్కనే గొంతు మెసేజీ.

"అక్కా, మా దగ్గర పనిచేసే ఏళుమలైకి తెలుగు చదవడానికి రాదు. అదే కాగితం తమిళంలో కూడా చెయ్యి. పొద్దున డ్యూటీకి వచ్చే ముందు కొత్తగా స్క్రీన్‌షాట్ తీసినాను, పంపిస్తా ఉండాను."

నాగవేణి డబ్బా మూత తీసి ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, ఎడమచేత్తో మౌసు కదిలించింది. ఉన్న పనే కదా, పాత ఫైలు తెరిచి దాని మీద కొత్త బొమ్మను పరిస్తే చాలు, గడులు కొలుచుకోనవసరం లేదు. పరిచింది. సగం కనబడీ కనబడనట్టు చేసింది.

వేడి బటను దగ్గర చైనా అక్షరాలు ఒకదానిమీద ఒకటి చక్కగా కూర్చున్నాయి. గాలి దగ్గర కూడా. తేమ దగ్గర మొదటి అక్షరం జోడుగా కనబడింది.

ఆమె ముద్ద మింగలేదు. దగ్గరికి వంగి చూసింది. పాత బొమ్మలో ఆ అక్షరానికి పైన రెండు చిన్న కొమ్ములున్నాయి. కొత్తదానిలో కొమ్ములు లేవు. పాతది పసుపు బటను. కొత్తది బూడిద.

ఫోను కెమెరా పెట్టి కొత్తదాన్ని చదివించింది. 'తేమను తెరవండి' అని వచ్చింది.

అదే చోటు. అదే బటను. కిందటిసారి ఆపమంది, ఇప్పుడు పెట్టమంటోంది.

నాగవేణి వేడి బటను వైపు చూసింది. కొమ్ములున్న అక్షరం, పసుపు. గాలి బటను వైపు చూసింది. కొమ్ముల్లేని అక్షరం, బూడిద.  యంత్రం నడుస్తుంటే బటను పసుపు, దాని మీద ఆపమన్న మాట. ఆగి ఉంటే బూడిద, దాని మీద పెట్టమన్న మాట. నొక్కిన ప్రతిసారీ మాట మారుతుంది. తాను రాసిన కాగితంలో మాత్రం అది ఎప్పుడూ 'తేమ ఆపు' అనే అంటుంది. ఏ రంగు చూసి మనిషి తెలుసుకోగలదో ఆ రంగును తానే తెల్ల పట్టీతో కప్పేసింది.

వెంటనే యోగేష్‌కు ఫోను చేసింది. మూడోసారికి ఎత్తాడు. వెనక మిషన్ల మోత.

"యోగేష్, పొద్దున తేమ ఎవరు ఆపినారు?"

"నేనే అక్కా. పురుగులు రెండో జ్వరానికి పడినాయి కదా. నేను బయలుదేరేటప్పుడు ఆపి, ఆ తర్వాతే స్క్రీన్‌షాట్ తీసినాను. యాల అక్కా, ఏమైంది?"

"మీ అమ్మకు చెప్పినావా ఆపినానని?"

"ఆమె అప్పుడు స్నానానికి పోయింది. బస్సు వచ్చేసింది." కొంచెం నవ్వాడు. "చెప్పినా నమ్మతాదా? నేను పొయ్యి ఆర్పినా ఆమె ఇంకోసారి వచ్చి చూసేదే."

నాగవేణి తెర మీద తాను రాసిన 'తేమ ఆపు' వైపు చూసింది.

"అక్కా? ఉండావా?"

"మీ అమ్మకు వెంటనే ఫోను చెయ్యి. తేమ బటను ముట్టుకోవద్దని చెప్పు."

"ఫోను చేసి ఏమి లాభం? పురుగుల షెడ్డు దగ్గర ఫోను రేకుపెట్టెలో పెట్టి మూత వేస్తాది. జ్వరంలో ఉంటే గది తలుపు కూడా తెరవదు. రేపు పొద్దున దాకా ఎవ్వరూ..."

అతని మాట అక్కడే ఆగిపోయింది. కాగితం చూసి అమ్మ మళ్లీ నొక్కి ఉంటే ఏమవుతుందో అతనికి అప్పుడు అర్థమైంది.

జ్వరంలో ఉన్న పురుగును కదిలించకూడదు. అది ఆ పనిలో అందరికీ తెలిసిన కట్టుబాటు. తలుపు మూసి, చప్పుడు చేయకుండా వదిలేస్తారు. ఒకవేళ లోపల యంత్రం పొగమంచు కక్కుతూ ఉంటే చూసేవారెవరూ ఉండరు. తెల్లారి తలుపు తెరిచేసరికి అంతా అయిపోయి ఉంటుంది. ఆ పురుగుల కోసం ఎంతమంది రైతులు ఆకు సిద్ధం చేసుకుని ఉన్నారో నాగవేణికి తెలుసు. తమ షెడ్లకు సున్నం వేయించిన సంగతి అంగడికి వచ్చి చెప్పుకున్నవాళ్లు కూడా ఉన్నారు.

"దేవేంద్రన్నా, బండి తాళం ఇయ్యి."

"అన్నం సగంలో ఉండాది కదమ్మా. ఏమైంది? ఎవరికన్నా బాగలేదా?"

"నేను రాసింది తప్పయింది."

దేవేంద్ర ఇంకేమీ అడగకుండా తాళం ఇచ్చాడు. పెళ్లిపత్రికలో తప్పు పడితే ఆమె ముఖం ఎలా ఉంటుందో అతనికి తెలుసు. ఇప్పుడు అంతకన్నా తెల్లబోయి ఉంది.

పాత మోపెడ్డు ఎత్తు ఎక్కేటప్పుడు మూలిగింది. దారంతా నాగవేణి తనకు తాను ధైర్యం చెప్పుకుంది. నొక్కకపోయి ఉండొచ్చు. తోటపనిలో పడి మరిచి ఉండొచ్చు. బటను బూడిదగా ఉంటే ఆగిందని ఆమెకే తోచి ఉండొచ్చు. వెంటనే ఇంకో గొంతు లోపల్నుంచి అడిగింది: ఎలా తోస్తుంది? ఆమెకు నువ్విచ్చింది తెల్ల కాగితం. మాట పక్కనే ఉండగా రంగు చూడాలని ఎవరికి తోస్తుంది? మామిడితోటల దగ్గర మేకల మంద ఒకటి దారికి అడ్డం వచ్చింది. హారన్ పనిచేయదు. కాలు కింద పెట్టి, మేకలన్నీ పోయేదాకా నిలబడాల్సి వచ్చింది. మేపేవాడు ఆమెను చూసి "నిదానంగా పోమ్మా, పెళ్లికి ఇంకా టైముండాది" అన్నాడు. ఆమెకు నవ్వు రాలేదు.

షెడ్డు చుట్టూ ఆకుపచ్చ వల. గేటు లోపల బ్లీచింగ్ నీళ్ల తొట్టి. అందులో కాళ్లు ముంచకుండా ఎవరూ అటు పోకూడదు. తొట్టి పక్కన రాయి మీద ఏళుమలై తట్టలు కడుగుతున్నాడు.

"అన్నా, పెద్దమ్మ యాడ?"

"తోటలో ఉండారు. రేపటికి ఆకు కోయిస్తా ఉండారు."

"నన్ను లోపలికి వదులు. ట్యాబ్ ఒకసారి చూడల్ల."

ఏళుమలై లేచి గేటుకు అడ్డం నిలబడ్డాడు. "అయ్యయ్యో, కూడాదమ్మా. నీ మీద ఇంకు వాసన. పోయినసారి నిన్ను గేటు దగ్గరే నిలబెట్టినారు, గుర్తు లేదా?"

నిజమే. ఫ్లెక్సు ఇంకు వాసన పురుగులకు పడదు. అగరొత్తి, దోమలబత్తి, సెంటు ఏవీ పడవు. ఆ రోజు పొద్దుననే ఆమె ఫ్లెక్సు మిషను తుడిచింది. చేతులు ఇంకా అదే వాసన కొడుతున్నాయి.

"అయితే నువ్వు పోయి చూసిరా. తేమ బటను ఏ రంగులో ఉండాదో చెప్పు చాలు."

"నన్ను ఆ పెట్టె ముట్టుకోకూడదని చెప్పినారు. తమిళంలో కాగితం వచ్చినాకనే అన్నారు."

"ముట్టుకోవద్దు. చూడు."

"చూసినా అడుగుతారు, ఎందుకు చూసినావని." అతను ఆమె ముఖం వైపు ఇంకోసారి చూశాడు. ఏమనుకున్నాడో, గట్టు ఎక్కి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని తోట వైపు పెద్దగా కేక పెట్టాడు. "అమ్మా! ఓ అమ్మా! మత్తూరు అంగడి అమ్మ వచ్చి ఏడస్తా ఉంది!"

నాగవేణి అప్పుడే చెంపలు తడుముకుంది. నిజంగానే తడిగా ఉన్నాయి.

మునిలక్ష్మమ్మ చీర కుచ్చెళ్లు ఎగదోపుకుని, చేతిలో కొడవలితోనే వచ్చింది.

"ఏమే, ఇట్లా వచ్చినావు? ఎవరికేమైంది?"

"పెద్దమ్మా, పొద్దున తేమ బటను నొక్కినావా?"

"నొక్కినా. జ్వరానికి పడినాయి, తేమ ఆపకుండా ఎట్లా? నీ కాగితం చూసే నొక్కినాను. 'తేమ ఆపు' అని గుమ్మడికాయంత రాసినావు కదా."

"అంతకు ముందే యోగేష్ ఆపి పోయినాడంట."

"ఆపితే ఏమి? నేను ఇంకోసారి ఆపినాను. తాళం వేసిన తలుపుకు ఇంకో చుట్టు తిప్పితే ఊడి వస్తాదా?"

"ఇది తాళం మాదిరి కాదు పెద్దమ్మా." నాగవేణి తాడు లాగినట్టు చేత్తో చూపించింది. "తాడు లాగే లైటు మాదిరి. ఒకసారి లాగితే ఆరిపోతాది. ఇంకోసారి లాగితే వెలుగుతాది."

మునిలక్ష్మమ్మ కొడవలి ఏళుమలై చేతికిచ్చింది.  కాళ్లు తొట్టిలో ముంచి, చేతులు కడుక్కుని, మూతికి గుడ్డ కట్టుకుని, లోపలి చెప్పులు తొడుక్కుంది. ఆ కట్టుబాటులో ఒక్కటీ తప్పించలేదు.  గేటు బయట నిలబడిన నాగవేణికి త్వరగా పో పెద్దమ్మా అని అరవాలనిపించింది. అరవలేదు.

లోపలి నుంచి గొంతు వచ్చింది. "బటను దగ్గర నిలబడినాను. చెప్పు."

"కాగితం చూడొద్దు. ట్యాబ్ చూడు. తేమ బటను ఏ రంగులో ఉండాది?"

"పసుపు."

నాగవేణి వల పట్టుకుంది. నడుస్తోంది. పొద్దున్నుంచీ నడుస్తోంది.

"గాలి బటను?"

"బూడిద మాదిరి."

"పసుపుగా ఉండేది నడస్తా ఉండాది పెద్దమ్మా. బూడిదగా ఉండేది ఆగింది. ఇప్పుడు తేమను ఒక్కసారే నొక్కు. నొక్కి చెయ్యి తీసెయ్యి."

చిన్న శబ్దం. 

"ఏమీ కాలే. పసుపుగానే ఉండాది. ఇంకోసారి నొక్కుతాను."

"వద్దు!" నాగవేణి వలను పట్టుకుని ఊపేసింది. "నొక్కొద్దు పెద్దమ్మా! ఆగు! చెయ్యి వెనక్కి పెట్టుకో!"

ఏళుమలై కూడా కొడవలి పట్టుకుని కదలకుండా నిలబడ్డాడు. చెరువు వైపు నుంచి ఎవరిదో పంపుసెట్టు టక టక కొట్టుకుంటోంది. 

"ఆ, మారింది," అంది లోపలి గొంతు. "బూడిదయింది."

"చాలు. ఇంక దాన్ని ముట్టుకోవద్దు. ఇప్పుడు గాలి. అది కూడా ఒక్కసారే. పసుపు అయ్యేదాకా చూస్తా ఉండు."

కాసేపటికి షెడ్డు గోడలో ఫ్యాను రెక్కలు మెల్లగా తిరగడం మొదలైంది. తిరిగిన రెక్కల మధ్యనుంచి తెల్లటి ఆవిరి పాయలుపాయలుగా బయటికి వచ్చింది.  లోపల ఎంత తేమ ఉందో ఆ ఆవిరే చెప్పింది.

లోపల తలుపు తెరిచిన చప్పుడు వినిపించింది. జ్వరంలో ఉండగా మునిలక్ష్మమ్మ ఆ తలుపు తెరవడం అదే మొదటిసారి.  తర్వాత ఏళుమలైని పిలిచి సున్నంపొడి డబ్బా తెమ్మంది. అతనూ కాళ్లు చేతులు కడుక్కుని లోపలికి పోయాడు. తడిసిన పురుగుల పడకల మీద పలచటి గుడ్డలోంచి సున్నంపొడి చల్లడం నాగవేణికి కనబడలేదు, వినబడింది. ఒక తట్ట, కొంచెం ఆగి, ఇంకో తట్ట.

పొద్దు వాలేవేళకు మునిలక్ష్మమ్మ బయటికి వచ్చింది. ముఖం మీద సున్నం.

"పై తట్టలు బాగానే ఉన్నట్టుండాయి. యంత్రం మూతి దగ్గర కింద వరసలు తడిసిపోయినాయి. రేపు లేస్తే తెలస్తాది."

"నా వల్లే పెద్దమ్మా."

"అట్లా యాల రాసినావు?"

నాగవేణి ఉన్నది చెప్పింది. స్క్రీన్‌షాట్ తీసినప్పుడు యంత్రం నడుస్తోందని, అప్పుడు బటను మీద ఆ మాటే ఉందని. బటను మారుతుందని తనకు తట్టలేదని. చోటు చిన్నది, నల్ల అక్షరం బాగా కనబడాలని రంగును తెల్లగా కప్పేశానని.

మునిలక్ష్మమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. "అక్షరాలు బాగానే కనబడినాయి లే," అంది. ఎత్తిపొడుపో కాదో తెలియలేదు. "రేపు రా. ఆ ఇంకు చేతులతో మాత్రం రావద్దు."

మరునాడు నాగవేణి అంగడికి పోకుండా నేరుగా షెడ్డుకు వెళ్లింది. శీకాయతో స్నానం చేసింది, పూలు పెట్టుకోలేదు, ఉతికిన చీర కట్టుకుంది. మునిలక్ష్మమ్మ ఆమె చేతులు వాసన చూసి, తొట్టిలో కాళ్లు ముంచమని సైగ చేసింది. తలుపు దగ్గర నిలబడి చూడనిచ్చింది.

పై తట్టల్లో పురుగులన్నీ లేచి ఉన్నాయి. పాత తోళ్లు వదిలి, కొత్త తలలు ఎత్తి, ఆకు కోసం అటూ ఇటూ వెతుకుతున్నాయి. తరిగిన ఆకు వేయగానే చినుకులు పడుతున్నట్టు సన్నటి చప్పుడు. కింద తట్టల్లో అలా లేదు. కొన్ని లేచాయి, చాలా భాగం తల ఎత్తినచోటనే ఉండిపోయాయి. మునిలక్ష్మమ్మ వాటిని వేలితో తట్టి చూసింది. తర్వాత ఏళుమలైకి తల ఊపింది. అతను ఆ తట్టల్ని వెనక గుంతలోకి మోసుకుపోయి, మీద సున్నం పోసి మన్ను కప్పాడు.

తట్టలు పట్టుకుపోవడానికి రైతులు వచ్చారు. వరసలో చివర ఉన్న ఓబయ్యకు, ఇంకొందరికి పురుగులు చాలలేదు.

"ఏమమ్మా మునిలక్ష్మమ్మా, ఆకు కోసి ఇంట్లో పెట్టుకుంటిమే, ఇప్పుడు నేను తినేదా దాన్ని?" అన్నాడు ఓబయ్య.

"కింద తట్టలు తడిసినాయప్పా. వచ్చే మేపుకు నీదే మొదటి పేరు."

అంతకుమించి ఆమె ఏమీ చెప్పలేదు. మూలన నిలబడిన నాగవేణి వైపు చూడను కూడా చూడలేదు. ఓబయ్య గొణుక్కుంటూ ఖాళీ తట్ట నెత్తిన పెట్టుకుని పోవడం నాగవేణి చూసింది. ఆమె నోరు తెరిచేలోపే మునిలక్ష్మమ్మ "ఆ గంప ఇట్లా అందియ్యి" అంది.

ఆ ఆదివారం యోగేష్ ఇంటికి వచ్చాక పాత కాగితాన్ని గోడ మీదనుంచి పీకేశారు. ఈసారి నాగవేణి గది ఖాళీగా ఉండగా ప్రతి బటన్నూ ఒకసారి నొక్కించి, ఒకసారి నొక్కకుండా, రెండేసి స్క్రీన్‌షాట్లు తీయించింది. వాటిని ఒకదానిమీద ఒకటి పరిచి, ఏది మారుతుందో ఏది మారదో చూసుకుంది. మారే మాటలన్నీ తీసేసింది. 'ఆపు' లేదు, 'పెట్టు' లేదు. 'వేడి', 'తేమ', 'గాలి', 'మందు'. అంతే. మాట తగ్గేసరికి గడిలో చోటు మిగిలింది. ఆ మిగిలిన చోటును ఏమీ రాయకుండా వదిలేసింది. కాగితం అడుగున రెండు రంగు పట్టీలు వేసింది: పసుపు పట్టీ మీద 'నడుస్తోంది', బూడిద పట్టీ మీద 'ఆగింది'. కృష్ణగిరి పోయి రంగు ప్రింటు తీయించుకొచ్చింది. తమిళంలో ఏళుమలైకి ఇంకోటి.

అంటించాక ఇద్దర్నీ ట్యాబు ముందు నిలబెట్టింది.

"పెద్దమ్మా, తేమ నడస్తా ఉండాదా, ఆగిందా?"

"ఆగింది."

"ఎట్లా తెలిసింది?"

"నువ్వు రంగు చూడమన్నావు కదే, చూసినాను." మునిలక్ష్మమ్మ కాగితాన్ని వేలితో కొట్టి చూపింది. "ఇంతింత చోటు ఖాళీగా ఉండాది, ఇంకో మాట రాయకూడదా? ప్రింటు వాడికి దుడ్డు ఉత్తగానే ఇచ్చినట్టుండాది."

యోగేష్ పడీ పడీ నవ్వాడు. నాగవేణి మాత్రం ఏళుమలై వైపు తిరిగి అదే ప్రశ్న తమిళంలో అడిగింది. అతను సరిగ్గా చెప్పాడు. అతని చేత ఒకసారి నొక్కించి, రంగు మారేదాకా ఆగమని చెప్పి, మారాక మళ్లీ అడిగింది.

ఆ తర్వాతి విడత మేపుకు ఓబయ్య అందరికన్నా ముందు తట్ట తెచ్చి నిలబడ్డాడు. పురుగులు నిండుగా తీసుకుపోయాడు.

అలాంటి యంత్రాలు ఆ చుట్టుపక్కల ఇంకొందరి దగ్గర ఉన్నాయి. వాళ్లు కూడా స్క్రీన్‌షాట్లు పట్టుకుని వస్తారు. ఒక్కటే తెస్తే నాగవేణి పని మొదలుపెట్టదు. "నడిచేటప్పుడు ఒకటి, ఆగినప్పుడు ఒకటి తీసుకొని రా అన్నా," అంటుంది. విసుక్కునేవాళ్లను దేవేంద్ర టీ తాగించి సముదాయిస్తాడు.

ఆమె ఇప్పటికీ ఆ అంగడిలోనే పని చేస్తోంది.